దక్షిణం కిటికీ పక్కన తీసిన ఫోటో

మా నాన్నకి ఫోటో స్టూడియో ఉందన్న సంగతి చెప్పకుండా, చదువుకునే రోజుల్లో నేను ఎవరితోనూ పది నిమిషాలు మాట్లాడి ఉండను. నరసరావుపేటలో ఓ మేడ మీద రెండు గదుల స్టూడియో అది. నా చిన్నతనం సగం అక్కడే గడిచింది. మాస్టర్స్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చాక ఆ రెండు గదుల్నీ నెత్తిన పెట్టుకుని తిరిగాను. క్లేటన్‌లో మేం నలుగురు ఆడపిల్లలం ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో ఎవరికి ఏ ఫోటో కావలసి వచ్చినా నన్నే పిలిచేవారు. పిలవకపోయినా నేనే వెళ్ళి ఫోన్ లాక్కునేదాన్ని.

ఆ నలుగురిలో మేం అక్క అని పిలిచే ఆమెది కాకినాడ. నాకంటే ఆరేళ్ళు పెద్ద. అక్కడ ఆస్పత్రిలో కొన్నాళ్ళు పనిచేసి, నర్సింగ్‌లో పై చదువుకు వచ్చింది. సన్నగా, నల్లగా, కళ్ళజోడుతో ఉండేది. బుగ్గల మీద చిన్నప్పటి ఆటలమ్మ మచ్చలు నాలుగైదు. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి మా అందరికీ చేపల పులుసు వండేది. ఆ పులుసు వాసన తగిలితే నాకు ఈరోజుకీ ఆ వంటింటి పగిలిన టైల్సు కళ్ళ ముందు కనిపిస్తాయి. మేం అందరం ఒకరి సబ్బు ఒకరం వాడేశామని దెబ్బలాడుకుంటుంటే ఆమె మాత్రం నవ్వుతూ కూరగాయలు తరుక్కునేది.

ఇంట్లో మంచి గది నాది. ముందు వైపు, ఉత్తరానికి పెద్ద కిటికీ. చలికాలంలో మంచం దాకా ఎండ వచ్చేది. అక్కది వెనక గది, దక్షిణం వైపు. ఏడాది పొడుగునా అందులోకి ఎండ పొడ రాదు. చలికాలం పొద్దున్నే కిటికీ అద్దాలు చెమటలు పట్టి కారేవి. అద్దె తక్కువని అక్క అది తీసుకుంది. మేం ఆ గదికి ఫ్రిజ్ అని పేరు పెట్టాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు చాలా తెలివైన జోకు అనుకున్నాం.

ఆ జూలైలో, అంటే అక్కడి చలికాలంలో, అక్కకి ఒక పని దొరికింది. ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళకి సాయం చేసే ఏజెన్సీ వాళ్ళు ఇచ్చారు. మా ఇంటి నుంచి పది నిమిషాల నడక దూరంలో ఒక గ్రీకు ముసలావిడ ఒంటరిగా ఉండేది. వారానికి మూడు రోజులు పొద్దున్నే వెళ్ళి, స్నానం చేయించి, మందులు వేసుకుందో లేదో చూసి, టిఫిన్ పెట్టి రావాలి. అంతకుముందు అక్క తెల్లారకముందే లేచి, రెండు బస్సులు మారి, డాండెనాంగ్‌లో ఎవరింటికో వెళ్ళొచ్చేది. మధ్యాహ్నం క్లాసులో కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి. ఒక పేపర్ అప్పటికే పోయింది. అందుకే ఈ పది నిమిషాల నడక ఆమెకి ఎంత అవసరమో ఇంట్లో అందరికీ తెలుసు.

అయితే ముసలావిడకి మతిమరుపు. కూతురు దూరంగా ఉంటుంది. ఎవరికి పడితే వాళ్ళకి తలుపు తీసేస్తుందని భయపడి ఆ కూతురు ఒక పద్ధతి పెట్టింది. వచ్చే మనిషి ఫోటో కాగితం మీద ప్రింటు తీసి తలుపు పక్కన అంటిస్తారు. తల్లి తలుపు సందులోంచి చూసి, కాగితంతో పోల్చుకుని, ఆ ముఖమే అయితేనే గొలుసు తీయాలి. ఏజెన్సీ ప్రొఫైల్లో అక్క ఏ ఫోటో పెడితే అదే ఆ తలుపు పక్కకి వెళుతుంది.

అక్క ఒక సాయంత్రం వంటింట్లో నిలబడి, కళ్ళజోడు తీసేసి, చెయ్యి చాచి తనే సెల్ఫీ తీసుకుంది. వెనకాల రైస్ కుక్కరు, పోపుల డబ్బాలు, తలుపుకి వేలాడే తువ్వాలు. పైన పసుపు బల్బు. ఫోటోలో ముక్కు ముఖమంతా పరుచుకున్నట్టు ఉంది. "కొంచెం బాగుచేసి పెట్టవే" అని ఫోన్ నా చేతికిచ్చింది.

బాగుచెయ్యడమంటే మా స్టూడియోలో ఒకటే అర్థం. టచింగ్. వచ్చినవాళ్ళకి ఒక ఛాయ రంగు తేల్చడం, మచ్చలు తుడవడం, ముక్కు కాస్త తీర్చడం. రంగు తేల్చమంటారా అని నాన్న ఎవర్నీ అడగగా నేను చూడలేదు. అడక్కుండా చేసే మర్యాద అది, ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చినట్టు. నేనూ అదే మర్యాద చేశాను. ముక్కు సన్నం చేశాను. మచ్చలు తీసేశాను. రంగు ఒక ఛాయ కాదు, మూడు ఛాయలు తేల్చాను. రైస్ కుక్కర్ని చెరిపేసి నీలం రంగు పోశాను. అక్క ఆ ఫోటోని చాలాసేపు చూసింది. "నేనేనా ఇది?" అంది. నేనది మెప్పు అనుకున్నాను. ఆ పూట కాలరెగరేసుకుని తిరిగాను కూడా.

సోమవారం పొద్దున పనికని వెళ్ళిన మనిషి గంట తిరక్కుండా వెనక్కి వచ్చింది. నేను ఉప్మా తింటున్నాను. అక్క బూట్లు విప్పి, యూనిఫాం చొక్కా మీదే కుర్చీలో కూర్చుని జరిగింది చెప్పింది. ముసలావిడ గొలుసు తీయకుండానే తలుపు కొద్దిగా తీసింది. అక్క ముఖం చూసింది, కాగితం చూసింది, మళ్ళీ అక్క ముఖం చూసింది. నువ్వు కాదు అని తలుపు వేసేసింది. అక్క ఇంకోసారి బెల్లు కొడితే లోపల్నుంచి గ్రీకు భాషలో కేకలేసింది. పక్కింటాయన బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడి చూశాడట. అక్క రోడ్డు మీదికి వచ్చి ఏజెన్సీ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసింది. ఆవిడ ఫోటో తెరిచి చూసి, అందులో ఉన్నది మీలా లేదని మర్యాదగానే చెప్పింది. బుధవారం మధ్యాహ్నంలోగా కొత్త ఫోటో పంపితే గురువారం ఇంకోసారి వెళ్ళనిస్తారు. అప్పుడూ తలుపు తీయకపోతే ఆ ఇంటికి వేరే మనిషిని పెడతారు.

"ఆవిడ తప్పేం లేదే. చెప్పినట్టే చేసింది, పాపం" అంది అక్క. మళ్ళీ తనే, "దొంగని చూసినట్టు చూసిందే నన్ను" అంది.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఎదురు చెప్పి తప్పించుకునేదాన్ని. ఉప్మా పళ్ళెం పక్కకి నెట్టేశాను. ఆ ముఖం చేసింది నేను, తలుపు మూసింది ఆమె ముఖం మీద. ఆ రోజంతా ఆమె ఎదురుపడితే తల తిప్పుకున్నాను.

మంగళవారం ఇద్దరికీ క్లాసులు. బుధవారం పదిన్నరకి, ఈసారి సరిగ్గా తీస్తానని అక్కని నా గదిలోకి పట్టుకెళ్ళాను. సెల్ఫీ వద్దు, వెనక కెమెరాతో నేనే తీస్తానన్నాను. కిటికీ వెలుతురు మంచిదని, అందులోనూ ఎండ తిన్నగా పడని ఉత్తరం కిటికీ అయితే తిరుగు లేదని నాన్న చెప్పగా చెప్పగా నాకు కంఠతా వచ్చేసింది. మా స్టూడియో లోపలి గదికి ఉత్తరం వైపే కిటికీ. కరెంటు పోయిన రోజు నాన్న పెళ్ళిచూపుల ఫోటోలు కూడా ఆ వెలుతుర్లోనే తీసేవాడు.

అక్కని ఉత్తరం కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎండ తిన్నగా ముఖం మీద పడింది. ఒక బుగ్గ సున్నం కొట్టినట్టు తెల్లబోయింది, రెండోది చీకటి. కళ్ళ కింద గుంటలు, ముక్కు నీడ పెదవి దాకా. కళ్ళు చికిలించి చికిలించి నీళ్ళు కారాయి. కుర్చీ అటు జరిపాను, ఇటు జరిపాను, ఇరవై ఫోటోలు తీశాను. ఏ ఒక్కటీ పనికిరాలేదు. అక్క ఓపిగ్గా కూర్చుంది గానీ గోడ గడియారం వైపు చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ ఆరున్నర దాటింది, టీ తాగుతున్నాడు.

"ఉత్తరం కిటికీలోంచి ఎండ రావటమేందమ్మా?" అన్నాడు నాన్న. వస్తోంది, పదకొండు గంటలకి మంచం మీదికి వస్తోంది అని కసిరాను. ఆయన టీ ఇంకో గుక్క తాగాడు. తర్వాత నింపాదిగా, "మీకు సూర్యుడు ఉత్తరంగా పోతాడేమో చూసుకో. మనం చెప్పుకునే ఉత్తరం మీకు దక్షిణం అవుద్ది" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. ఏడాదిన్నరగా ఆ కిటికీ కిందే బట్టలు ఆరేసుకుంటున్నాను, ఆ ఎండలోనే మంచం మీద దొర్లుతూ చదువుకుంటున్నాను. ఎండ ఎటు నుంచి వస్తోందో ఒళ్ళు ఎరుగును, బుర్ర ఎరగదు. నరసరావుపేట దాటి బయటికి అడుగు పెట్టని మనిషి టీ తాగుతూ చెప్పాడు.

పెట్టేసే ముందు, మొదటి ఫోటో సంగతి కూడా ఆయనకి చెప్పేశాను, ఛాయలతో సహా. తిడతాడనుకున్నాను. "మన దగ్గర ఫోటో గోడకి తగిలించుకోటానికమ్మా. అక్కడ మనిషిని పోల్చుకోటానికి. రెంటికీ ఒకే చెయ్యి పనికిరాదు" అన్నాడు. నాన్న తన పని గురించి నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

దక్షిణం కిటికీ అంటే అక్క గది. మేం ఫ్రిజ్ అన్న గది. తలుపు తీసి చూద్దును కదా, గదంతా ఒకే తీరున, మెత్తగా పరుచుకున్న వెలుతురు. ఎక్కడా గట్టి నీడ లేదు. ఇంట్లో అందరికంటే మంచి వెలుతురు ఆమె గదిలోనే ఉందని అన్నాళ్ళూ మా నలుగురిలో ఏ ఒక్కరికీ తెలియలేదు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కూల్చేసి ఆ స్థలంలో మూడు చిన్న ఇళ్ళు కట్టారు. అయినా ఆ గది నాకు ఆ ఉదయం ఉన్నట్టే గుర్తుంది, అద్దం మీద చెమ్మ, గోడవార బైబిలు, నర్సింగ్ పుస్తకాలు, తలగడ మీద మడిచిన రగ్గు.

మంచం పక్కకి లాగి, మీగడ రంగు గోడ ఖాళీ చేశాం. గోడకి మూడడుగుల ముందు కుర్చీ వేశాను, నీడ గోడ మీద పడకుండా. కిటికీ ఆమెకి ఎదురూ కాకుండా, పూర్తిగా పక్కా కాకుండా, ఏటవాలుగా ఉండేట్టు తిప్పాను. పసుపు బల్బు ఆపేశాను. అది వెలిగితే ముఖం సగం పచ్చగా సగం నీలంగా వస్తుంది. కిటికీకి అవతలి బుగ్గ కొంచెం చీకటిగా ఉంటే, అక్క చేపలు తెచ్చిన థర్మకోల్ పెట్టె మూత కడిగి, ఇంకో కుర్చీ మీద ఆనించి నిలబెట్టాను. ఆ తెలుపు వెలుతుర్ని ఆ బుగ్గ మీదికి మళ్ళించింది. "చేపల వాసన ఫోటోలో రాదు కదా" అంది అక్క. సోమవారం తర్వాత ఆమె వేసిన మొదటి జోకు అది.

దగ్గరికి వెళ్ళి తీయబోయి ఆగాను. మొదటి సెల్ఫీ తెరిచి చూశాను. ముక్కు పెద్దదిగా ఉన్నది ఆమె ముఖంలో కాదు. ఫోన్ మరీ దగ్గరగా ఉండి, ముందుకున్న ముక్కుని పెద్దది చేసి, చెవుల్ని వెనక్కి నెట్టింది. నేను ఆ తప్పుని ఆమె ముక్కు మీద దిద్దాను. ఈసారి గుమ్మం దాకా వెనక్కి నడిచాను, ఆరేడడుగులు. ఫోన్‌లో రెండు రెట్లు దగ్గర చేసే బటన్ నొక్కి, ఫోన్‌ని ఆమె కళ్ళ ఎత్తున పట్టుకున్నాను. తెర మీద అక్క ముక్కు అక్క ముక్కులాగే ఉంది, చక్కగా.

తర్వాత ఫోన్ మీద అనుమానం వచ్చి సెట్టింగులన్నీ వెతికాను. బ్యూటీ మోడ్ ఆన్ చేసి ఉంది, కొన్ననాటి నుంచీ. ఆపేశాను. చున్నీ అంచుతో లెన్సు తుడిచాను. తెర మీద అక్క ముఖాన్ని వేలితో నొక్కితే ఫోన్ ఆమె రంగు చూసి కంగారు పడి, బొమ్మనంతా తెల్లగా చేసేసింది. దానికీ మా స్టూడియో బుద్ధే. వేలితో కిందికి లాగి వెలుగు తగ్గించాను, ఎదురుగా కూర్చున్న మనిషి రంగూ తెర మీది రంగూ ఒకటయ్యేదాకా.

పని చొక్కానే వేసుకోమన్నాను, జుట్టు పనికి వెళ్ళేటప్పటిలాగే ముడి వేసుకోమన్నాను. కళ్ళజోడు తీయబోతే వద్దన్నాను. అద్దాల్లో కిటికీ మెరిస్తే గడ్డం కాస్త దించమన్నాను, మెరుపు పోయింది. అంతా కుదిరింది గానీ అక్క మాత్రం కొయ్యబొమ్మలా బిగుసుకుపోయింది. నవ్వమంటే పెదాలు మూసి నవ్వింది. పళ్ళు కనబడకుండా నవ్వడం ఎక్కడ నేర్చుకుందో అడగలేదు.

"అక్కా, రేపు ఆవిడ తలుపు తీస్తే ఏమంటావు?" అన్నాను.

"ఏమంటాను? గుడ్ మార్నింగ్ అమ్మా, ఈ చలిలో చెప్పులేవి అంటాను. మొన్న వట్టి కాళ్ళతో వచ్చిందే పాపం, తలుపు దగ్గరికి" అంది. అంటూ ముందుకు వంగింది. ఆ ముసలావిడ కాళ్ళు తన కళ్ళ ముందే ఉన్నట్టు నవ్వింది. పైవరస పళ్ళన్నీ కనిపించాయి. నేను వరసగా నొక్కుతూనే ఉన్నాను.

మంచం మీద కూర్చుని ఇద్దరం ఎంచాం. గడ్డం మీద అప్పుడే వచ్చిన మొటిమ ఒకటి ఉంది. అది వారంలో పోతుంది కాబట్టి తీసేశాను. ఆటలమ్మ మచ్చల మీదికి వేలు పోయింది, వెనక్కి తీసుకున్నాను. అక్క నా వేలినే చూస్తోంది. "అవి ఉంచితే బాగోదేమోనే" అంది. బాగుందక్కా, నాకు అబద్ధం చెప్పే ముఖం లేదు, నిజంగా బాగుందన్నాను. అందంగా ఉంది అక్క ఆ ఫోటోలో. ఏడాదిన్నర ఒకే ఇంట్లో ఉండి, ఒకే గిన్నెలో తిని, ఆ మాట నాకు అప్పటిదాకా తట్టనేలేదు. పన్నెండుకి ముందే ఫోటో పంపేశాం. సాయంత్రానికి ముసలావిడ తలుపు పక్కన పాతది తీసేసి కొత్తది అంటించారని కోఆర్డినేటర్ మెసేజ్ పెట్టింది.

గురువారం లెక్చర్ ఎగ్గొట్టి అక్కతో వెళ్ళాను. నువ్వెందుకే అంటే, ఊరికే నడుద్దామని అన్నాను. దారి పొడుగునా గడ్డి మీద మంచు తెల్లగా ఉంది. అక్క పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటూ నడిచింది. నేను గేటు దగ్గరే ఆగాను. అక్క మెట్లెక్కి బెల్లు కొట్టి, కళ్ళజోడు సర్దుకుని, నాకు వీపు పెట్టి నిలబడింది. ఆ చొక్కా వెనక ఇస్త్రీ మడతలు కూడా నాకు గుర్తున్నాయి.

తలుపు గొలుసు పొడుగున తెరుచుకుంది. సందులో ఒక కన్ను, తెల్లజుట్టు. ముసలావిడ గోడ మీది కాగితం ఊడబెరికి చేత్తో పట్టుకుంది. కాగితం చూసింది. అక్కని చూసింది. మళ్ళీ కాగితం చూసింది. పక్కింట్లో కుక్క మొరుగుతోంది, అదీ ఆగిపోయింది. తలుపు మూసుకుంది.

అక్క తల వంచుకుంది. అప్పుడు లోపల గొలుసు తీసిన చప్పుడైంది, తలుపు బార్లా తెరుచుకుంది. ముసలావిడ గుమ్మంలో నిలబడి, అక్క చెయ్యి పట్టుకుని, తన వచ్చీరాని ఇంగ్లీషులో గబగబా ఫిర్యాదు చెయ్యడం మొదలుపెట్టింది. మొన్న ఎవరో అమ్మాయి వచ్చిందట, నీ బదులు. నువ్వేనని చెప్పిందట. తను నమ్మలేదట, లోపలికి రానివ్వలేదట. నువ్వు ఎక్కడికి పోయావని కోప్పడింది.

"తెలుసమ్మా. ఆ అమ్మాయి ఇంక రాదు" అంది అక్క ఇంగ్లీషులో.

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేను గేటు పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చాను. ముఖం మార్చి, అక్కనే ఆవిడ కళ్ళకి ఎవరో అమ్మాయిగా చేసి పంపింది నేనే.